చివరి పేజీలో వెనక్కి తిరిగే కొనుగోలుదారు: ఒక పచ్చళ్ల దుకాణం లెక్క

గుంటూరు బ్రాడీపేట నుంచి గోంగూర, ఆవకాయ, పండుమిర్చి పచ్చళ్లు, కారప్పొడులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న దుకాణాన్ని ఊహించుకుందాం. సొంత వెబ్‌సైట్ ఉంది, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది, ప్యాకింగ్‌కు ఇద్దరు మనుషులున్నారు. ఒక నెలలో 400 మంది ఏదో ఒక సీసాను కార్ట్‌లో వేసుకున్నారు. డబ్బు కట్టి ఆర్డర్ పూర్తి చేసినవాళ్లు 70 మంది. మిగతా 330 మంది సంగతేమిటని యజమాని అడుగుతారు. వెంటనే వచ్చే ఆలోచన కూడా అందరికీ తెలిసిందే: "వాళ్లందరికీ గుర్తుచేస్తూ ఒక మెయిల్ పంపిస్తే సరిపోతుంది కదా?"

సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పుకోవాలంటే ఆ 330 మందిని ఒక్క గంపలో పోయకుండా, ఎవరు ఎక్కడ ఆగారో విడివిడిగా చూడాలి. ఈ అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. అసలు దుకాణంలో అంకెలు మారతాయి గానీ లెక్కగట్టే పద్ధతి మారదు.

400 మందిలో చెక్‌అవుట్ పేజీ దాకా వచ్చినవాళ్లు 210 మంది. వాళ్లలో చిరునామా నింపినవాళ్లు 150. డెలివరీ చార్జీతో కలిపి మొత్తం బిల్లు చూశాక కూడా డబ్బు కట్టే బటన్ నొక్కినవాళ్లు 95. చెల్లింపు పూర్తయినవి 70. అంటే 190 మంది చెక్‌అవుట్ గడపే తొక్కలేదు. 60 మంది ఫారం దగ్గర, 55 మంది బిల్లు దగ్గర, 25 మంది చెల్లింపు దగ్గర ఆగిపోయారు.

ఆ 190 మంది గురించి పెద్దగా బెంగపడనక్కర్లేదు. ఆన్‌లైన్ చెక్‌అవుట్‌ల మీద ఏళ్లుగా పనిచేస్తున్న డెన్మార్క్ సంస్థ బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ రకరకాల అధ్యయనాలను కలిపి తీసిన సగటు ప్రకారం, కార్ట్‌లో వేసుకున్నవాళ్లలో దాదాపు 70 శాతం కొనకుండానే వెళ్లిపోతారు. అందులో పెద్ద వాటా ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లదే. బీసెంట్ రోడ్డులో షాపు షాపుకీ ఆగి ధర అడిగి ముందుకు సాగేవాళ్ల లాంటివాళ్లు వీళ్లు. ఎంత మంచి చెక్‌అవుట్ పెట్టినా వీళ్లలో చాలామంది ఇవాళ కొనరు. పైగా వీళ్లు మెయిల్ ఐడీ ఇవ్వనే లేదు, కాబట్టి గుర్తుచేసే మెయిల్ వీళ్లకు చేరే దారే లేదు.

పట్టించుకోవాల్సింది చెక్‌అవుట్‌లోకి వచ్చి మరీ వెనక్కి తిరిగిన 140 మందిని. వీళ్లకు కొనాలనే ఉంది. మధ్యలో ఏదో అడ్డం వచ్చింది. ఆ అడ్డం అక్కడే ఉండగా మెయిల్ పంపితే, మనిషి తిరిగివచ్చి అదే గోడకు మళ్లీ కొట్టుకుంటాడు. అందుకే ముందు పేజీ, తర్వాతే మెయిల్.

బిల్లు పెరిగే చోటు

ఊరికే చూడటానికి వచ్చినవాళ్లను పక్కనపెడితే, మధ్యలో వదిలేయడానికి జనం చెప్పే కారణాల్లో బేమార్డ్ సర్వేల్లో ముందు నిలిచేది ఒకటే: డెలివరీ, పన్నులు, ఇతర ఫీజులు కలిసి బిల్లు అనుకున్నదానికన్నా ఎక్కువ కావడం. పచ్చళ్ల వ్యాపారంలో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది, ఎందుకంటే సరుకు బరువెక్కువ, ధర తక్కువ. మంగళగిరి చీరలు అమ్మేవాళ్లకు ఈ బాధ అంతగా ఉండదు. చీర అరకిలో తూగి వేలల్లో ధర పలుకుతుంది, డెలివరీ ఖర్చు అందులో కలిసిపోతుంది. గోంగూర సీసాకు ఆ వెసులుబాటు లేదు.

ఒక ఆర్డర్‌ను దగ్గరగా చూద్దాం. బెంగళూరులో ఉన్న ఒకావిడ అరకిలో గోంగూర, అరకిలో ఆవకాయ, పావుకిలో కారప్పొడి తీసుకున్నారు. సరుకు 560 రూపాయలు. పచ్చడి బరువు కిలోంపావే అయినా సీసాలు, బబుల్ ర్యాప్, అట్టపెట్టె కలిస్తే 1.7 కిలోల దగ్గర తేలింది. కొరియర్లు సాధారణంగా అరకిలో చొప్పున పైకి లెక్కేస్తారు కాబట్టి ఇది 2 కిలోల పార్సిల్. ఇక్కడితో ఆగదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలు అసలు బరువుకన్నా ఎక్కువైతే, ఆ ఎక్కువకే డబ్బు కట్టించుకుంటారు. దుకాణంలో చేతికందిన పెట్టె 30×24×16 అయితే ఆ లెక్క 2.3 కిలోలు వస్తుంది, బిల్లు 2.5 కిలోలకు పడుతుంది. అదే సరుకు 28×20×16 పెట్టెలో పట్టిస్తే 1.8 కిలోల లోపే, 2 కిలోల బిల్లుతో పోతుంది. కార్ట్ వదిలేయడం గురించి మాట్లాడుతూ అట్టపెట్టె కొలతల్లోకి దిగడం వింతగా అనిపించవచ్చు. కానీ చివరి పేజీలో ఆవిడ చూసే అంకె మొదలయ్యేది ప్యాకింగ్ బల్ల మీదే.

ఆవిడకు డెలివరీ 150 రూపాయలు పడిందనుకుందాం. 560 అనుకున్నది 710 అయింది. ఆ 150 ఎక్కువా తక్కువా అన్నది ఒక ప్రశ్న. అంతకన్నా పెద్ద ప్రశ్న, అది ఆవిడకు ఎప్పుడు తెలిసిందన్నది. పేరు, చిరునామా, ఫోన్ అన్నీ నింపాక తెలిస్తే మోసపోయినట్టు అనిపిస్తుంది. సీసా పేజీలో ధర కిందే కనిపిస్తే, ఒప్పుకున్నవాళ్లే ముందుకు వస్తారు.

దీనికి ప్రతి పిన్‌కోడ్‌కూ కచ్చితమైన చార్జీ చూపించే ఖరీదైన ఏర్పాటేమీ అవసరం లేదు. దేశాన్ని మూడు భాగాలు చేసుకుంటే చాలు: ఆంధ్ర–తెలంగాణ, మిగతా దక్షిణాది, మిగతా దేశం. ఒక్కోదానికి బరువును బట్టి గుండుగుత్త చార్జీ పెట్టి, ప్రతి సరుకు పేజీలోనూ "2 కిలోల వరకు డెలివరీ: ఆంధ్ర–తెలంగాణ ఇంత, కర్ణాటక–తమిళనాడు–కేరళ ఇంత" అని ఒక్క వరుసలో రాసేయాలి. కొన్ని పార్సిళ్ల మీద పది రూపాయలు నష్టం వస్తుంది, కొన్నిటి మీద పది మిగులుతుంది. చివరి పేజీలో పోయే ఆర్డర్లతో పోలిస్తే ఆ తేడా లెక్కలోకి రాదు.

"ఇంతకు పైన కొంటే డెలివరీ ఉచితం" అన్న పథకం చాలామందికి మొదట తడుతుంది. పెట్టేముందు కాగితం మీద వేసి చూసుకోవాలి. మిగులు నూటికి 35 అనుకుందాం. 560 రూపాయల ఆర్డర్‌లో డెలివరీ కొన్నవాళ్లే కట్టుకుంటే దుకాణానికి 196 మిగులుతుంది. 999కి పైన ఉచితం అంటే, 999 ఆర్డర్ మీద మిగులు 350. కానీ ఆ పార్సిల్ మూడు కిలోలు దాటుతుంది. డెలివరీకి 200 పోతే చేతిలో 150. రెండు ఆర్డర్లంత పచ్చడి కలిపి, సీసాలు తుడిచి, ప్యాక్ చేసి, తక్కువ సంపాదించినట్టవుతుంది. ఇలాంటి సరుకుకు ఉచితం అనే హద్దు ఇంకా పైకి జరపాలి, లేదా దగ్గరి జోన్‌కు మాత్రమే ఇవ్వాలి. ఒక్క పావుకిలో సీసా కోసం వచ్చి డెలివరీ చార్జీ చూసి వెళ్లిపోయేవాళ్లను మాత్రం ఏ పథకమూ ఆపలేదు. వాళ్లకు నాలుగు రకాలు వంద గ్రాముల చొప్పున కలిపిన ప్యాక్ చూపించడమే కాస్త పనిచేసే మార్గం.

చార్జీలను చివరిదాకా దాచడం ఇప్పుడు కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కూడా కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో, కొనేవాళ్లను తప్పుదోవ పట్టించే డార్క్ ప్యాటర్న్స్‌ను 13 రకాలుగా పేర్లు పెట్టి మరీ చెప్పింది. ధర విడతలు విడతలుగా బయటపెట్టడం, అడగని వస్తువును కార్ట్‌లో చేర్చడం, లేని తొందర సృష్టించడం అందులో ఉన్నాయి. "మీతోపాటు ఇంకో 18 మంది ఇదే సీసా చూస్తున్నారు" అని తోచిన అంకె చూపించే ప్లగిన్లు ఆ చివరి కోవకే చెందుతాయి. పెట్టుకుని ఉంటే తీసేయడమే మంచిది.

ఫారం అడిగే ప్రశ్నలు

60 మంది ఆగిన చోటు ఇది. మామూలుగా వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఫారం మన ఊళ్ల కోసం తయారుచేసింది కాదు. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుంటాయి. ఇంటిపేరు ముందు రాసే మనవాళ్లకు ఏది ఎందులో వేయాలో తోచదు. ఒక్క అక్షరమే ఉన్న ఇంటిపేరు వేస్తే కొన్ని ఫారాలు ఒప్పుకోవు. "పూర్తి పేరు" అని ఒకే గడి చాలు. కంపెనీ పేరు, చిరునామా రెండో వరుస, ఆర్డర్ నోట్స్ తీసేయొచ్చు. పిన్‌కోడ్ ముందు అడిగితే ఊరు, రాష్ట్రం దానంతట అదే నిండేలా చేయవచ్చు.

చిరునామా గడి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బ్రాడీపేట, అరండల్‌పేట చిరునామాలు లైను, అడ్డరోడ్డు కలిపి 4/7 అన్న తీరులో రాస్తారు. విజయవాడలో ఇంటి నంబర్లలో గీతలూ, ఏటవాలు గీతలూ రెండూ ఉంటాయి. ఆ గుర్తులను తప్పుగా భావించి "సరైన చిరునామా ఇవ్వండి" అని ఎర్ర అక్షరాలు చూపించే ఫారాలు ఇప్పటికీ ఉన్నాయి. తన ఇంటి నంబరు తప్పంటున్న పేజీతో ఎవరూ ఎక్కువసేపు వాదించరు. అలాగే "దగ్గరలో గుర్తు" అని ఒక చిన్న గడి పెడితే డెలివరీ కుర్రాడికి ఫోన్లు తగ్గుతాయి. తీసేయాల్సిన గళ్ల మధ్య చేర్చదగ్గది ఇదొక్కటే.

ఫోన్‌లో టైపు చేయడం ఎంత తగ్గితే అంత మేలు. ప్రతి గడికీ అది దేనికో బ్రౌజర్‌కు చెబితే, ముందే దాచుకున్న వివరాలను అదే నింపిపెడుతుంది. పిన్‌కోడ్ గడి తాకగానే అంకెల కీబోర్డే రావాలి:

```html
<input name="phone" type="tel" autocomplete="tel" required>
<input name="pin" inputmode="numeric" maxlength="6"
       autocomplete="postal-code" required>
<textarea name="address" autocomplete="street-address" required></textarea>
```

ఇక లాగిన్. ఖాతా తెరిస్తేనే కొననిస్తామనే షరతు ఈ సైజు దుకాణానికి ఏ లాభమూ చేయదు. గెస్ట్ చెక్‌అవుట్ తెరిచి ఉంచి, ఆర్డర్ పూర్తయ్యాక "ఈ వివరాలు దాచిపెట్టమంటారా?" అని అడిగితే సరిపోతుంది. పాస్‌వర్డ్ గొడవ లేకుండా ఫోన్ ఓటీపీతో లాగిన్ పెట్టామని కొందరు అంటారు. అదీ అడ్డమే. ఓటీపీ ఆలస్యమైతే మనిషి ఇన్‌స్టాగ్రామ్‌లోకి తిరిగి వెళ్లిపోతాడు.

ఓటీపీతో, పది అంకెల ఫోన్ నంబరు నిబంధనతో పూర్తిగా బయటపడిపోయేవాళ్లు ఇంకొకరున్నారు. కృష్ణా, గుంటూరు ప్రాంతంలో పచ్చళ్ల దుకాణానికి వాళ్లే మంచి గిరాకీ: అమెరికాలో ఉండి పటమటలో అమ్మకు పంపించే కొడుకులు, కూతుళ్లు. అక్కడి నంబరు +1తో కలిపి కొడితే గడి ఒప్పుకోదు. అది తీసేసి కొడితే ఒప్పుకుంటుంది గానీ ఓటీపీ ఎటో పోతుంది. డెలివరీ కుర్రాడు అదే నంబరుకు ఫోన్ చేసి, కలవక పార్సిల్ వెనక్కి పంపుతాడు. దీనికి మందు చిన్నదే. "వేరేవాళ్లకు పంపుతున్నారా?" అని ఒక టిక్కు పెట్టాలి. అది పెట్టినప్పుడు మాత్రమే అందుకునేవాళ్ల పేరు, వాళ్ల ఇండియా నంబరు అడగాలి. కొన్నవాళ్లకు మెయిల్ ఐడీ ఒక్కటి చాలు. విదేశీ కార్డులు తీసుకోవడానికి పేమెంట్ గేట్‌వేలో సాధారణంగా విడిగా అనుమతి పెట్టుకోవాలి, అది మరచిపోతే ఈ కష్టమంతా వృథా.

మెయిల్ ఐడీ గడిని ఫారంలో మొట్టమొదట పెట్టడానికి ఇంకో కారణం ఉంది. మధ్యలో ఆగినవాళ్లకు మెయిల్ పంపాలంటే ఆ ఐడీ ముందే చేతికి రావాలి. చాలా ఫారాల్లో అది అట్టడుగున ఉంటుంది, దానిదాకా వచ్చేలోపే మనిషి వెళ్లిపోతాడు. అయితే ముందు పెట్టినప్పుడు దాని కిందే, ఆర్డర్ సమాచారానికీ, మధ్యలో ఆగితే ఒకట్రెండు మెయిల్స్ పంపడానికీ వాడతామని రాసి ఒప్పుకోలు తీసుకోవాలి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో వచ్చిన చట్టం కోరేది కూడా అదే: ఏం తీసుకుంటున్నారో, ఎందుకో ముందే చెప్పి అనుమతి అడగడం.

చెల్లింపు దగ్గర పోయిన 25 మంది

వీళ్ల సంఖ్య తక్కువే, కానీ వీళ్లు డబ్బు కట్టడానికి వేలు పెట్టినవాళ్లు. వీళ్లలో చాలామంది మనసు మార్చుకుని ఉండరు, మధ్యలో ఏదో పనిచేయలేదు. ఫోన్‌లో యూపీఐ అంటే యాప్ గుర్తు నొక్కగానే అదే తెరుచుకుని పిన్ అడగాలి. యూపీఐ ఐడీ టైపు చేయమంటే సగం మందికి అది గుర్తుండదు. కంప్యూటర్‌లో అయితే క్యూఆర్ కోడ్ కనిపించాలి.

చిన్న దుకాణాలు తరచుగా గమనించని చిక్కు ఒకటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో లింకు నొక్కినవాళ్లు క్రోమ్‌లోకి వెళ్లరు, ఇన్‌స్టాగ్రామ్ లోపలే తెరుచుకునే చిన్న బ్రౌజర్‌లో ఉంటారు. అక్కడినుంచి యూపీఐ యాప్ కొన్ని ఫోన్లలో తెరుచుకోదు. బటన్ నొక్కితే ఏమీ జరగదు, లేదా ఖాళీ పేజీ వస్తుంది. యజమాని తన ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు పరీక్షించినా ఇది కనపడదు. ఒక రూపాయి ధరతో ఒక పరీక్ష సరుకు పెట్టి, సొంత ఇన్‌స్టాగ్రామ్ పేజీలోని లింకు నుంచే వెళ్లి, రెండు మూడు రకాల ఫోన్లలో కట్టి చూడాలి. విఫలమైతే "క్రోమ్‌లో తెరవండి" అన్న సూచన పేజీ పైనే ఇవ్వడం కనీస ఉపాయం.

క్యాష్ ఆన్ డెలివరీ మీద అభిప్రాయాలు ఎప్పుడూ రెండుగా చీలతాయి. అది తీసేస్తే కొత్తగా వచ్చినవాళ్లు, ముఖ్యంగా చిన్న ఊళ్లవాళ్లు, చెల్లింపు దగ్గర తగ్గిపోతారు. ఉంచితే చెక్‌అవుట్ అంకె బాగుపడుతుంది, కానీ తలుపు దగ్గర వద్దనేవాళ్ల పార్సిళ్లు తిరిగొస్తాయి. పోనూ రానూ కొరియర్ ఖర్చు దుకాణానిదే. తిరిగొచ్చిన పచ్చడి సీసా ఎండలో ఎక్కడెక్కడ తిరిగిందో తెలియదు కాబట్టి మళ్లీ అమ్మలేం కూడా. కనుక పచ్చళ్లకు మధ్యేమార్గం మేలు: డెలివరీ చార్జీ వరకు యూపీఐలో ముందే కట్టించుకుని, సరుకు డబ్బు ఇంటి దగ్గర తీసుకోవడం. ఈ ఆర్డర్లను చెక్‌అవుట్‌లో గెలిచినట్టు కాక, పార్సిల్ అందాకే గెలిచినట్టు లెక్కించాలి.

మెయిల్: ఎవరికి, ఎప్పుడు, ఏమని

పేజీ బాగుపడ్డాక మిగిలినవాళ్లకు మెయిల్ పనికొస్తుంది. బస్సు వచ్చిందని ఫోన్ జేబులో పెట్టుకున్నవాళ్లు, ఇంట్లో అడిగి చెబుదామనుకున్నవాళ్లు, యూపీఐ సర్వర్ ఆగి విసుగెత్తినవాళ్లు ఇందులో ఉంటారు.

పంపేముందు ఒక తనిఖీ తప్పనిసరి. యూపీఐలో డబ్బు ఖాతాలోంచి పోయి, దుకాణానికి ఆ కబురు ఆలస్యంగా అందే సందర్భాలున్నాయి. ఆ మధ్యలో వెబ్‌సైట్‌కు అది కట్టని ఆర్డర్‌గానే కనిపిస్తుంది. దుకాణం వెబ్‌సైట్‌ను ఊకామర్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిపేవాళ్లు `Hold stock (minutes)` అన్న సెట్టింగ్‌ను ఒకసారి చూసుకోవాలి. మామూలుగా అది 60 దగ్గర ఉంటుంది. స్టాక్ లెక్కలు పెట్టుకున్న దుకాణంలో ఆ గడువు దాటితే డబ్బు రాని ఆర్డర్‌ను అదే రద్దు చేసేస్తుంది. డబ్బు పోయిన మనిషికి "మీ ఆర్డర్ రద్దయింది" అని ఒక మెయిల్, ఆ వెంటే "మీ కార్ట్ మీకోసం ఎదురుచూస్తోంది" అని ఇంకో మెయిల్ వెళితే, ఆ నమ్మకం మళ్లీ రాదు. అందుకే గుర్తుచేసే మెయిల్ బయల్దేరే క్షణంలో మూడు విషయాలు చూసేలా పెట్టుకోవాలి: ఆ ఆర్డర్‌కు గేట్‌వేలో డబ్బు పడిందా, అదే మెయిల్ లేదా ఫోన్‌తో ఈలోగా వేరే ఆర్డర్ వచ్చిందా, ఆ సరుకు ఇంకా స్టాకులో ఉందా. చెల్లింపు మధ్యలో వేలాడుతున్నవాళ్లకు వెళ్లాల్సింది వేరే మెయిల్: "మీ డబ్బు పోయి ఉంటే కంగారు పడకండి, స్థితి చూసి చెబుతాం" అని.

సమయం విషయానికొస్తే, మొదటిది వదిలిన గంట నుంచి మూడు గంటల్లోపు, రెండోది మర్నాడు సాయంత్రం. పచ్చళ్లకు అంతకుమించి అవసరం లేదు. మూడు రోజుల తర్వాత కూడా కొననివాళ్లకు అప్పటికి వేరేచోట ఆవకాయ దొరికే ఉంటుంది. రాత్రి 11 గంటలకు వదిలేసినవాళ్లకు అర్ధరాత్రి దాటాక మెయిల్ వెళ్లకుండా, పొద్దున 9 వరకు ఆపే ఏర్పాటు ఉండాలి. అమెరికా నుంచి కొన్నవాళ్లకు ఆ గడియారం తిరగబడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. షాపిఫైలో ఈ మెయిల్ సౌకర్యం లోపలే ఉంటుంది. ఊకామర్స్‌కు విడిగా ప్లగిన్ పెట్టుకోవాలి.

మెయిల్ చదివేవాళ్లు ఎక్కువగా ఫోన్‌లోనే చదువుతారు కాబట్టి పొడుగు అక్కర్లేదు. విషయం వరుసలో సరుకు పేరే ఉండాలి. ఇలా రాస్తే చాలు:

"గోంగూర, ఆవకాయ మీ కార్ట్‌లో ఉన్నాయి.

నమస్కారం అండీ. మీరు ఎంచుకున్న గోంగూర (అరకిలో), ఆవకాయ (అరకిలో), కారప్పొడి (పావుకిలో) అలాగే ఉంచాం. సరుకు 560, బెంగళూరుకు డెలివరీ 150, మొత్తం 710 రూపాయలు. ఈ వారం పార్సిల్స్ బుధవారం, శనివారం బయల్దేరతాయి. ఆర్డర్ పూర్తి చేయడానికి కింది బటన్ నొక్కండి. చెల్లింపులో ఇబ్బంది వచ్చి ఆగి ఉంటే, ఈ మెయిల్‌కే జవాబివ్వండి. ఇక ఇలాంటి మెయిల్స్ వద్దనుకుంటే ఇక్కడ చెప్పండి."

డెలివరీతో కలిపి మొత్తం ఇక్కడే చెప్పడం వల్ల, ఆవిడ మళ్లీ పేజీకి వెళ్లినప్పుడు రెండోసారి ఉలిక్కిపడరు. జవాబివ్వమన్న మాట మొక్కుబడిది కాకూడదు. పంపే ఐడీ దుకాణంవాళ్లు రోజూ తెరిచేదై ఉండాలి. అలా వచ్చే జవాబులు తక్కువే అయినా, "కార్డు తీసుకోవడం లేదు", "మా పిన్‌కోడ్‌కు డెలివరీ లేదంటోంది" లాంటి మాటలు ఏ రిపోర్టులోనూ కనపడవు.

ఇక బటన్ వెనకున్న లింకు. ఆవిడ క్రోమ్‌లో కార్ట్ నింపారు, మెయిల్ మాత్రం జీమెయిల్ యాప్‌లో చదివారు. లింకు కేవలం కార్ట్ పేజీకే వెళితే, కొన్ని ఫోన్లలో అది వేరే బ్రౌజర్ కిందికి వచ్చి "మీ కార్ట్ ఖాళీగా ఉంది" అని చూపిస్తుంది. ప్రతి కార్ట్‌కూ విడి గుర్తు ఉన్న లింకు పంపితే ఏ ఫోన్లో తెరిచినా సరుకు అలాగే కనిపిస్తుంది. పరీక్షించడం తేలిక: ఒక ఫోన్లో కార్ట్ నింపి, వచ్చిన మెయిల్‌ను ఇంకో ఫోన్లో తెరిచి బటన్ నొక్కడమే.

మెయిల్ అసలు ఇన్‌బాక్స్‌కు చేరాలి కదా. వెబ్‌సైట్ హోస్టింగ్ నుంచి నేరుగా పోయే మెయిల్స్ చాలాసార్లు స్పామ్‌లో పడతాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తనకు మెయిల్ పంపే ప్రతి డొమైన్‌కూ, మెయిల్ నిజంగా ఆ డొమైన్ తరఫునే వచ్చిందని రుజువు చేసే `SPF` లేదా `DKIM` ఏర్పాటు ఉండాలంటోంది. రెండూ పెట్టుకుని, ఒక మెయిల్ సేవ ద్వారా పంపడం మేలు. దుకాణం నుంచి సొంత జీమెయిల్‌కు ఒకటి పంపుకుని, కంప్యూటర్‌లో తెరిచి `Show original` నొక్కితే, రెండింటి పక్కనా `PASS` అని ఉందో లేదో కనిపిస్తుంది.

తగ్గింపు కూపన్‌ను మొదటి మెయిల్‌లో పెట్టడం మంచిది కాదు. రెండు మూడుసార్లు అలా ఇస్తే, పాత కొనుగోలుదారులు కావాలనే కార్ట్ నింపి వదిలేసి కూపన్ కోసం ఎదురుచూడటం మొదలుపెడతారు. అప్పుడు వదిలేసిన కార్ట్‌ల అంకె పెరుగుతుంది, "మెయిల్ వల్ల వచ్చిన ఆర్డర్లు" అన్న అంకె కూడా పెరుగుతుంది, మిగులు మాత్రం తగ్గుతుంది. ఇవ్వాలనిపిస్తే రెండో మెయిల్‌లో, ఇదివరకు ఎన్నడూ కొననివాళ్లకే, అదీ తగ్గింపు కాకుండా వంద గ్రాముల కొత్త పచ్చడి రుచికి జతచేస్తామని చెప్పడం మేలు.

ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది

మెయిల్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ తన గొప్ప తానే చెప్పుకుంటుంది. మెయిల్ నొక్కి కొన్నవాళ్లందరినీ తన ఖాతాలో వేసుకుంటుంది. వాళ్లలో కొందరు మెయిల్ లేకపోయినా సాయంత్రం వచ్చి కొనేవాళ్లే. ఎంతమంది మెయిల్ తెరిచారన్న అంకెను అసలు పట్టించుకోనక్కర్లేదు. 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా ఏర్పాటు వల్ల, మనిషి చదవకపోయినా చదివినట్టు నమోదవుతుంది. నిజం తెలుసుకోవాలంటే వదిలేసినవాళ్లలో ప్రతి నలుగురిలో ఒకరికి మెయిల్ ఆపేసి, వాళ్లలో ఎందరు తమంతట తామే తిరిగొచ్చారో చూడాలి. నెలకు 140 మంది ఉన్న దుకాణంలో ఆ ఆపేసినవాళ్లు 35 మందే అవుతారు. అందులో ఇద్దరు కొన్నారా నలుగురు కొన్నారా అన్న తేడా వట్టి అదృష్టం కూడా కావచ్చు. మూడు నాలుగు నెలలు కలిపి చూస్తే తప్ప దాని మీద నిర్ణయం తీసుకోకూడదు.

పేజీలో చేసిన మార్పులను కొలవడం ఇంతకన్నా సులువు. మూడు మెట్ల దగ్గరా ఎంతమంది దాటారో వారం వారం రాసుకుంటే చాలు. డెలివరీ చార్జీని సరుకు పేజీలో చూపించడం మొదలుపెట్టాక, చెక్‌అవుట్‌లోకి వచ్చేవాళ్లు 210 నుంచి 180కి తగ్గవచ్చు. అది చూసి భయపడి మార్పును వెనక్కి తీయకూడదు. బిల్లు చూశాక ఆగేవాళ్లు 55 నుంచి 25కు తగ్గి, పూర్తయిన ఆర్డర్లు 70 దాటితే మార్పు పనిచేసినట్టే. అన్ని మార్పులూ ఒకేవారం చేస్తే ఏది ఫలించిందో తేల్చలేం కాబట్టి, డెలివరీ చార్జీ ముందు, ఫారం తర్వాత, మెయిల్ చివర అన్న వరుసలో, మధ్యలో కనీసం రెండు మూడు వారాలు విడిచి చేయాలి. పోల్చేటప్పుడు కాలాన్ని కూడా చూసుకోవాలి. వేసవిలో కొత్తావకాయ కోసం వచ్చేవాళ్లు కొనాలని తీర్మానించుకునే వస్తారు, ఆ నెలల్లో ఎంత చెత్త ఫారం అయినా ఓపిగ్గా నింపేస్తారు. ఆగస్టులో చేసిన మార్పును మే నెల అంకెలతో పోల్చి తూస్తే, మంచి మార్పు కూడా నష్టంలా కనిపిస్తుంది.